'సక్తే హైఁ' దగ్గర ఆగిన పని: ఒక పాల యాప్ షరతులను ఉర్దూలోకి తెచ్చిన కేస్

తిరుపతిలో ఒక చిన్న కంపెనీ పాల సేకరణ కేంద్రాల కోసం యాప్ చేసింది. పాలు పోసేవాళ్ళు తమ ఫోన్‌లోనే ఎన్ని లీటర్లు పోశారో, వెన్న శాతం ఎంత వచ్చిందో, పదిహేను రోజుల బిల్లు ఎంతయిందో చూసుకోవచ్చు. దాణాకు అడ్వాన్సు కావాలన్నా అందులోనే అడగొచ్చు. పలమనేరు చుట్టుపక్కల పాలు పోసేవాళ్ళలో ఉర్దూ మాట్లాడే కుటుంబాలు బాగానే ఉన్నాయి. అందుకని వాడుక షరతులు, ప్రైవసీ నోటీసు రెండూ ఉర్దూలో కావాలని నన్ను అడిగారు. ఇంగ్లీషులో రెండూ కలిపి ఐదు వేల పైచిలుకు మాటలు. తెలుగు అనువాదం అప్పటికే ఉంది. దాన్ని పక్కన పెట్టుకుంటాను గానీ పని మాత్రం ఇంగ్లీషు నుంచే చేస్తానని ముందే చెప్పాను, ఎందుకంటే అనువాదం మీద అనువాదం చేస్తే మొదటివాళ్ళ తప్పు కూడా మనదే అవుతుంది.

కంపెనీకి ఉర్దూ అవసరం పడటానికి రెండో కారణం చట్టం. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం నోటీసునూ, సమ్మతి అడిగే విన్నపాన్నీ ఇంగ్లీషులో గానీ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని ఏ భాషలో గానీ చదువుకునే వీలు వాడేవాళ్ళకు ఇవ్వాలి. ఆ 22 భాషల్లో ఉర్దూ ఒకటి. సమ్మతి అడిగే మాటలు స్పష్టంగా, తేలిక భాషలో ఉండాలని కూడా అదే చట్టం చెబుతుంది. అంటే అర్థం చెడకుండా ఉంటే చాలదు, చదివితే అర్థం కావడం కూడా చట్టం అడిగేదే.

ఇక చదివేవాళ్ళు ఎవరు? మా వైపు ఇళ్ళల్లో మాట్లాడేది దక్కనీ. 'నక్కో', 'కైకూ' అనే భాష. రాయడం, చదవడం మాత్రం బడిలోనో మదర్సాలోనో నేర్చుకున్న ఉర్దూ. నేను కూడా పదో తరగతి దాకా ఉర్దూ మీడియమే, అందుకే వీళ్ళు ఏ మాట దగ్గర తడబడతారో కొంత ఊహించగలను. కోర్టు ఉర్దూలో పారసీ సమాసాలు దండిగా ఉంటాయి, చూడ్డానికి గంభీరంగా ఉంటాయి, కానీ పొద్దున ఐదున్నరకు పాల క్యాను పట్టుకుని నిలబడ్డ మనిషికి అవి అందవు. పాఠ్యపుస్తకం ఉర్దూ అందుతుంది. నేను పెట్టుకున్న కొలత అదే.

పెద్ద పెద్ద న్యాయ పదాలతో కష్టపడతానని అనుకున్నాను గానీ, తీరా కూర్చుంటే నన్ను మూడు రోజులు ఆపింది ఇంగ్లీషులో 'మే' అనే చిన్న మాట. ప్రైవసీ నోటీసులో ఒక వాక్యం ఉంది. మీ వివరాలను మేము బయటి సంస్థలతో పంచుకోవచ్చు, ఆ సంస్థలు భారతదేశంలో లేకపోవచ్చు, ప్రతిసారీ మీకు తెలియజేయకపోవచ్చు. మూడు చోట్లా ఇంగ్లీషులో 'మే'నే. నేను మొదటి ప్రతిలో మూడింటికీ 'చేయగలగడం' అనే అర్థమిచ్చే 'సక్నా' వాడాను, 'షేర్ కర్ సక్తే హైఁ' అని మొదలుపెట్టి చివర్లో 'ఆప్ కో హర్ బార్ ఇత్తిలా నహీఁ దీ జా సక్తీ' అని ముగించాను. చదవడానికి నున్నగా ఉంది, నాకు అనుమానం కూడా రాలేదు.

తప్పు బయటపడింది తిరుగు అనువాదంలో. ఇంగ్లీషు మూలం చూడని ఒక ఉర్దూ టీచర్‌కు నా ప్రతి ఇచ్చి, ఏం అర్థమైందో తెలుగులో రాసిమ్మన్నాను. ఆయన ఆ ముక్కను 'ప్రతిసారీ మీకు తెలియజేయడం కుదరదు' అని రాశారు. కరెక్టే, నేను రాసిన ఉర్దూకు అర్థం అదే. చెప్పాలనుకున్నా చెప్పలేం అన్నట్టు, చెప్పడానికి ఏదో అడ్డం ఉన్నట్టు. మూలంలో ఉన్నది అది కాదు. మన తెలుగులో 'వచ్చు'కు కూడా రెండు అర్థాలున్నాయి, అనుమతీ అదే, అవకాశమూ అదే. కానీ కాదనేటప్పుడు మనకు విడిపోతుంది, 'చెప్పకపోవచ్చు' వేరు, 'చెప్పకూడదు' వేరు. ఉర్దూలో 'నహీఁ సక్తే' అనగానే అది నేరుగా కుదరదు, వీల్లేదు అనే వైపుకు జారిపోతుంది. తెలుగులో ఆలోచించి ఉర్దూలో రాసేవాళ్ళు ఇక్కడ తప్పకుండా పడతారు, నేను పడ్డాను.

కంపెనీ వకీలు సార్‌కు ఫోన్ చేసి ఒక్కో 'మే' దగ్గరా ఒకే ప్రశ్న అడిగాను.

"సార్, ఇది కంపెనీకి ఉన్న హక్కా, జరిగే అవకాశమా, లేకపోతే కంపెనీ మీద బాధ్యత లేదని చెప్పడమా?"

ఆయన కాసేపు చూసుకుని అన్నారు, "మొదటిది హక్కు. రెండోది అవకాశం. మూడోది బాధ్యత లేదని. ఇంగ్లీషులో నేను రాసేటప్పుడు ఇంతగా విడదీసుకోలేదమ్మా."

ఆ తర్వాత రెండు పత్రాల్లోని 'మే'లన్నిటినీ ఒక కాగితం మీదకు తీశాను. మొత్తం 41 వచ్చాయి. ఒక్కోదానికి ఎదురుగా అది ఏ రకమో రాసుకుని, రకానికొక ఉర్దూ రూపం ఖాయం చేశాను. కంపెనీ తన ఇష్టంతో చేయగలిగేదైతే 'కంపెనీ కో ఇఖ్తియార్ హోగా'. వాడేవాళ్ళకు ఉన్నదైతే 'ఆప్ కో హక్ హై'. జరిగినా జరగొచ్చు అయితే 'ముమ్‌కిన్ హై'. బాధ్యత లేదని చెప్పేదైతే 'హమ్ పాబంద్ నహీఁ హైఁ'. దీంతో ఆ మూడో ముక్క 'హర్ బార్ ఇత్తిలా దేనే కే హమ్ పాబంద్ నహీఁ హైఁ' అయింది, అంటే ప్రతిసారీ చెప్పడానికి మేము కట్టుబడి లేము అని. ఈసారి టీచర్ తెలుగులో రాసింది వకీలు సార్ చెప్పిన దానితో సరిపోయింది. కంపెనీకి ఈ వాక్యం మునుపటికన్నా కటువుగా అనిపించింది. మూలంలోనే ఆ కటుత్వం ఉంది, ఇంగ్లీషులో కనబడకుండా ఉంది అంతే.

దీనివల్ల ఇంకో మేలు కూడా జరిగింది. ఉర్దూ క్రియకు లింగం ఉంటుంది. 'ఆప్ లే సక్తే హైఁ' అంటే మగవాళ్ళతో మాట్లాడినట్టు, 'లే సక్తీ హైఁ' అంటే ఆడవాళ్ళతో. ఈ కేంద్రాల్లో ఖాతా చాలావరకు ఇంటి ఆడవాళ్ళ పేరు మీదే ఉంటుంది, అయినా పత్రం మొత్తం మగవాళ్ళను పిలిచినట్టే రాయడం మామూలు. 'ఆప్ కో హక్ హై కె వాపస్ లేఁ' అంటే ఆ గొడవే లేదు, ఎవరు చదివినా తమతోనే చెప్పినట్టుంటుంది.

ఆ తర్వాత చాలా సేపు తిన్నది సమ్మతి వెనక్కి తీసుకునే వాక్యం. ఇంగ్లీషులో అది ఒకే వాక్యం, ఏడు లైన్లు. మీరు అంగీకరిస్తున్నారు అని మొదలై, ఈమెయిల్ రాసి ఎప్పుడైనా సమ్మతి వెనక్కి తీసుకోవచ్చని, తీసుకుంటే కంపెనీ తానూ ఆపి తన తరఫున డేటా చూసే సంస్థలతోనూ తగిన సమయంలోపు ఆపిస్తుందని, చట్టం ఉంచమన్న వివరాలు మాత్రం ఉంటాయని, అంతకుముందు జరిగిన పని చట్టబద్ధతకు దీనివల్ల భంగం లేదని, అన్నీ ఒక్క ఊపిరిలో. తెలుగులో ఇలాంటి వాక్యాన్ని ఉన్నదున్నట్టు చేయబోతే మధ్యలోనే విరిగిపోతుంది, క్రియ చివర రావాలి గనక మనకే ఊపిరాడదు, దాంతో తప్పనిసరిగా ముక్కలు చేస్తాం. ఉర్దూలో 'కె' అనే మాట ఉంది. 'ఆప్ మాన్తే హైఁ కె...' అని ముందే క్రియ పెట్టేసి, ఆ 'కె' వెనకాల ఇంగ్లీషు బోగీలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తగిలించేయొచ్చు. వ్యాకరణం తప్పదు, రైలు మాత్రం కదలదు. ఉర్దూ చట్టపు అనువాదాలు చదవలేకపోవడానికి నేను చూసినంతలో ప్రధాన కారణం ఈ 'కె' గొలుసే.

ముక్కలు చేసే ముందు ఒక పని చేస్తాను. వాక్యాన్ని తెలుగులో నోటితో చెప్పుకుని ఎవరు, ఏం చేయాలి, ఎప్పటిలోగా, ఏది మినహాయింపు అని నాలుగు ముక్కలు కాగితం మీద పెడతాను. మినహాయింపు ఏ పనికి అంటుకుని ఉందో చూసుకోవడం ముఖ్యం, విడదీసేటప్పుడు ఎక్కువగా జారిపోయేది అదే. ఇక్కడ 'చట్టం ఉంచమన్నవి' అన్న మినహాయింపు కంపెనీ ఆపడానికి అంటుకుని ఉంది, వాడేవాళ్ళు సమ్మతి వెనక్కి తీసుకోవడానికి కాదు. నా రెండో ప్రతిలో దాన్ని తీసుకెళ్ళి మొదటి వాక్యం చివర పెట్టాను, దాంతో చట్టం వద్దంటే మీరు సమ్మతి వెనక్కి తీసుకోలేరు అన్నట్టు తయారైంది. మళ్ళీ దాని చోటికి మార్చాను. చివరికి వచ్చిన ఉర్దూను తెలుగులో చెబితే ఇలా ఉంటుంది: మీరు ఎప్పుడు కావాలంటే అప్పుడు మీ సమ్మతి వెనక్కి తీసుకునే హక్కు మీకుంది. మీరు తీసుకున్నాక తగిన సమయంలోపు మీ డేటాతో చేసే పని మేము ఆపేస్తాం, మా తరఫున పనిచేసే సంస్థలతోనూ ఆపిస్తాం. ఏ వివరాలను ఉంచమని చట్టం చెబుతుందో అవి మాత్రం ఉంచుతాం. మీరు వెనక్కి తీసుకునే లోపు జరిగిపోయిన పని చట్టం ప్రకారం సరైనదిగానే ఉంటుంది.

ఈ చివరి వాక్యంలో మొదట 'జాయిజ్' అని వాడాను, చిన్న మాట, అందరికీ తెలిసిన మాట. పలమనేరులో చదివి వినిపించినప్పుడు ఒక పెద్దాయన ఆపి, "బేటీ, జాయిజా కాదా అన్నది కంపెనీ ఎలా చెబుతుంది?" అన్నారు. ఆయనకు అది ధర్మం ప్రకారం తగునా తగదా అన్న అర్థంలో వినబడింది. చట్టం ప్రకారం అన్న అర్థమే రావాలంటే 'ఖానూనన్ దురుస్త్' అనాలి. మాట ఒకటి ఎక్కువైంది, అర్థం ఇరుకున పడలేదు.

ఇదే వాక్యం విడదీసినప్పుడు ఇంకోటి కూడా తేలింది. సమ్మతి ఇవ్వడానికి ఒక బటన్ నొక్కితే చాలు, వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఈమెయిల్ రాయాలి. ఇచ్చినంత తేలికగా వెనక్కి తీసుకునే వీలు ఉండాలని చట్టం చెబుతుంది. ఏడు లైన్ల ఇంగ్లీషులో ఈ ఈమెయిల్ మాట ఎవరి కంటా పడలేదు, నాలుగు చిన్న వాక్యాలు చేసేసరికి ముందుకొచ్చి నిలబడింది. వకీలు సార్‌కు రాశాను. సెట్టింగుల్లో ఒక బటన్ వచ్చింది, ఇంగ్లీషు మూలం కూడా మారింది. ఆ బటన్ మీద 'రజామందీ వాపస్ లేఁ' అని పెట్టాం. 'ఇజాజత్' అని పెట్టమని డెవలపర్ అడిగాడు, పొట్టిగా ఉంటుందని. కానీ కెమెరాకో లొకేషన్‌కో ఫోన్ అడిగే పర్మిషన్‌ను మేము యాప్ అంతటా 'ఇజాజత్' అనే అన్నాం. చట్టం అడిగే సమ్మతికీ అదే మాట వాడితే, కెమెరా ఆపేస్తే అన్నీ ఆగిపోతాయని జనం అనుకుంటారు. అందుకని రెండూ వేరుగానే ఉంచాం.

వివాదాల భాగం చిన్నదే గానీ అందులో రెండు గుంటలున్నాయి. బయటి సంస్థను, అంటే మూడో పక్షాన్ని, ఉర్దూ పత్రాల్లో మామూలుగా 'ఫరీఖ్-ఎ-సాలిస్' అంటారు. ఆర్బిట్రేషన్‌లో తీర్పు చెప్పే మధ్యవర్తిని కూడా 'సాలిస్' అనే అంటారు. ఒకే పేజీలో రెండూ వస్తే, మీ డేటా చేరేది ఆ మధ్యవర్తికే అని అర్థం చేసుకునే ప్రమాదం ఉంది, మేము చదివించినవాళ్ళలో ఇద్దరు అలాగే చెప్పారు. మూడో పక్షానికి 'తీస్రా ఫరీఖ్' అని పెట్టి, 'సాలిస్'ను మధ్యవర్తికి మాత్రమే వదిలేశాం. రెండో గుంట మా చిత్తూరు వైపుకే ప్రత్యేకం. ఆర్బిట్రేషన్‌కు వెళ్ళే ముందు ఇరువైపులా మాట్లాడుకుని రాజీ పడే ప్రయత్నం చేయాలని షరతు. దానికి ఉర్దూలో చక్కని మాట ఉంది, 'రాజీనామా', అంటే రాజీ పత్రం. ఏ నిఘంటువు చూసినా తప్పు పట్టదు. కానీ ఇక్కడ ఉర్దూ చదివేవాళ్ళు రోజంతా తెలుగు పేపర్లూ తెలుగు వార్తల మధ్యే ఉంటారు. ఒకామె ఆ వాక్యం చదివి, "తగాదా వస్తే మేము సభ్యత్వానికి రాజీనామా చేయాలా?" అని అడిగింది. 'ఆపస్ మేఁ సమ్‌ఝౌతా' అని మార్చేశాను. ఇదే పత్రం లక్నో వాళ్ళ కోసం అయితే మార్చే పని ఉండేది కాదు.

స్క్రీన్ మీద చూసే దాకా పని అయిపోయిందని అనుకోకూడదు. ఫైల్‌లో బాగానే ఉన్న హెల్ప్‌లైన్ నంబర్ ఫోన్‌లో తలకిందులైంది. ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది, అంకెలు ఎడమ నుంచి కుడికి. నంబర్‌ను మూడు గుంపులుగా మధ్యలో ఖాళీలు వదిలి రాస్తే, ఒక్కో గుంపు లోపల అంకెలు సరిగ్గానే ఉంటాయి గానీ గుంపులు మాత్రం వెనక నుంచి ముందుకు పేర్చబడతాయి. చూసేవాళ్ళకు అది తప్పు నంబర్ అని తెలిసే దారే లేదు, అన్ని అంకెలూ ఉన్నాయి కదా. ఫిర్యాదు చేసుకునే నంబరే తప్పుగా కనబడితే ఆ షరతు ఎంత చక్కగా రాసినా దండగ. డెవలపర్ నంబర్ చుట్టూ దిశను విడిగా ఉంచే కనబడని గుర్తులు పెట్టాడు:

```xml
<string name="helpline">\u2066%1$s\u2069</string>
```

దీని తర్వాత నంబర్ నిలబడింది. సరిచూడటానికి ఒకటే పద్ధతి, స్క్రీన్ మీద ఉన్న నంబర్ చూసి వేరే ఫోన్ నుంచి చేత్తో నొక్కి ఫోన్ చేయడం. ఉర్దూ రాసే నస్తాలీఖ్ శైలి అక్షరాలు కిందికి పైకి బాగా సాగుతాయి గనక లైన్ల మధ్య చోటు పెంచమన్నాను, లేకపోతే 'నహీఁ'లో నుక్తా, అంటే అక్షరం మీది చుక్క, పై లైను అక్షరాల్లో కలిసిపోతోంది.

చివరిగా పలమనేరులో ఒక పాల కేంద్రం పక్కింట్లో ఆరుగురితో కూర్చున్నాం, నలుగురు ఆడవాళ్ళు, ఇద్దరు మగవాళ్ళు. చదవమని ఇచ్చి 'అర్థమైందా' అని అడగలేదు, అలా అడిగితే అందరూ తలూపుతారు. పరిస్థితి చెప్పి ఏం చేస్తారో అడిగాం. దాణా అడ్వాన్సు తీసుకున్నారు, నెల ఆలస్యమైంది, ఏమవుతుంది? అప్పుడు బయటపడింది అసలు గొడవ.

ఇంగ్లీషులో ఆలస్యమైన మొత్తం మీద సంవత్సరానికి 18 శాతం వడ్డీ అని ఉంది. నేను 'సూద్' అని రాశాను. కంపెనీ మార్కెటింగ్ చూసే అబ్బాయి ముందు రోజే దాన్ని 'సర్వీస్ చార్జ్' అని మార్చి పంపాడు, ముస్లింలు సూద్ అనే మాట చూస్తే యాప్ తీసేస్తారని అతని భయం. మేము చదివించింది ఆ మార్చిన ప్రతి. ఒక ఖాలా ఆ లైను మీద వేలు పెట్టి, "ఇది ఒక్కసారి కట్టే చార్జేనా, రోజులు పెరిగే కొద్దీ పెరుగుతుందా?" అని అడిగింది. పెరుగుతుందని చెప్పాను. ఆమె వేలు తీయలేదు. "అయితే సూద్ అని ఎందుకు రాయలేదు?"

ఆ సాయంత్రమే వకీలు సార్‌తో మాట్లాడాను. వడ్డీని వడ్డీ అనకపోతే అర్థం మారుతుంది, అది ఒక సంగతి. వడ్డీ ముట్టకూడదని నమ్మే మనిషి దాన్ని తెలియకుండా ఒప్పుకునేలా చేయడం అంతకంటే పెద్ద సంగతి, అలా తీసుకున్న సమ్మతిని తెలిసి ఇచ్చింది అని ఎవరూ అనలేరు. ఆయన వెంటనే ఒప్పుకున్నారు. 'సూద్' తిరిగి వచ్చింది. ఆయన అనుమతితో మూలంలో లేని ఒక ఉదాహరణ కూడా చేర్చాం, ముందు ఇంగ్లీషులో, ఆ తర్వాత తెలుగు, ఉర్దూల్లో: 10,000 రూపాయలు 30 రోజులు ఆలస్యమైతే సూద్ సుమారు 148 రూపాయలు. నూటికి నెలకు రూపాయిన్నర అని లెక్క కట్టుకోవడం అలవాటైనవాళ్ళకు 18 శాతం అంటే ఏదో పెద్ద అంకెలా వినబడుతోంది, రూపాయల్లో చెప్పాక ఆరుగురూ ఎంతో సరిగ్గా చెప్పగలిగారు.

వారం తర్వాత అదే ఇంట్లో రెండోసారి చదివించాం. ఆరుగురిలో ఇద్దరు అడ్వాన్సు వద్దని ఆ బాక్సు ఖాళీగా వదిలేసి, పాల లెక్క చూసుకోవడానికి మాత్రం సమ్మతి నొక్కారు. ఆ ఇద్దరిలో ఒకరు ఆ ఖాలానే.